పసిబిడ్డ పాలు, నిద్ర, మందుల లెక్కకు ఒక టైమర్, రెండు అలారాలు, ఒక కాగితం

"పాపకు ఈరోజుతో 12 రోజులు. ఆపరేషన్ కాన్పు. కావలిలో పుట్టింట్లో ఉన్నాను, మా ఆయన ఒంగోలులో. పుట్టినప్పుడు 2.6 కిలోలు, నిన్న తూస్తే 2.5. రాత్రిపూట కూడా మూడు గంటలకోసారి లేపి పాలివ్వమన్నారు డాక్టరు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని అన్నీ రాస్తున్నాను, రోజుకు పదిహేను అలారాలు మోగుతున్నాయి. అయినా డి విటమిన్ చుక్కలు వేశామా లేదా అని అమ్మా నేనూ రోజూ తడుముకుంటున్నాం. ఇంత హైరానా లేకుండా రాసుకునే దారి ఉందా?"

ముందు ఆ పదిహేను అలారాలూ తీసేయండి. పాలకు అలారం కాదు, టైమర్ కావాలి. మందుకు టైమర్ కాదు, అలారం కావాలి. ఈ రెండూ కలిసిపోవడం వల్లే మీకు ఇంత గోల.

అలారం గడియారాన్ని చూసి మోగుతుంది, బిడ్డను చూడదు. 12కి, 3కి, 6కి అలారాలు పెట్టారనుకుందాం. పాప రాత్రి 9:40కి తాగింది, 11:50కి తనే లేచి ఏడ్చి మళ్లీ తాగింది. 12కి మోగే అలారం అప్పుడే తాగుతున్న బిడ్డ పక్కన మోగుతుంది. అట్టా రెండు రాత్రులు అనవసరంగా మోగితే మూడో రాత్రి చెయ్యి నిద్రలోనే దాన్ని నొక్కేస్తుంది. నిజంగా లేపాల్సిన రోజు కూడా అంతే.

టైమర్‌ను 2 గంటల 45 నిమిషాలకు పెట్టండి. బిడ్డ రొమ్ము పట్టిన ప్రతిసారీ దాన్ని మొదటినుంచి మొదలుపెట్టండి. తాగడం అయిపోయాక కాదు, మొదలైనప్పుడే. డాక్టరు చెప్పే మూడు గంటలు ఒక తాగడం మొదలు నుంచి ఇంకో తాగడం మొదలుకు. పావుగంట ముందు ఎందుకంటే, గాఢనిద్రలో ఉన్న బిడ్డను లేపడానికి అంత సమయం పడుతుంది: చుట్టిన గుడ్డ విప్పాలి, తడి గుడ్డ మార్చాలి, అరికాళ్లు, వీపు మెల్లగా రుద్దాలి.

అదే రాత్రిని టైమర్‌తో చూడండి. 9:40కి మొదలుపెట్టింది 12:25కి మోగాలి. కానీ 11:50కి పాపే లేచింది కాబట్టి మోగకుండానే మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి 2:35కి మోగింది, పాప నిద్రలోనే ఉంది, గుడ్డ మార్చి 2:50కి పట్టించారు. తరువాత 5:35కి మోగాలి, 5:10కే పాప లేచింది. రాత్రంతా కలిపి మోగింది ఒక్కసారి, అదీ నిజంగా అవసరమైనప్పుడు. పగలు చాలా రోజులు ఒక్కసారి కూడా మోగదు.

ఇక్కడ దెబ్బతినే చోటు ఒకటి ఉంది. పాప నాలుగు గుక్కలు తాగి రొమ్ము మీదే నిద్రపోతుంది. అలవాటుకొద్దీ టైమర్ మొదలుపెట్టి ఉంటారు, ఆ నాలుగు గుక్కలకు మూడు గంటల సెలవు దొరికినట్టవుతుంది. బరువు పెరగని బిడ్డల్లో ఇది తరచూ కనిపిస్తుంది. అందుకని గుటక వేస్తున్న చప్పుడు వినిపించాకే టైమర్ నొక్కండి. ఐదు నిమిషాల్లోపే నిద్రపోతే ఆ తాగడాన్ని లెక్కలోకి తీసుకోకండి, లేపి రెండో వైపు పట్టించండి. ఇరవై నిమిషాలు తాగింది, పదిహేను నిమిషాలు తాగింది అని రాయాల్సిన పని లేదు. నిమిషాలు పాల కొలత కాదు.

చాలా ఫోన్లలో అలారం శబ్దానికి, రింగ్ శబ్దానికి వేరు వేరు సెట్టింగులు ఉంటాయి. రింగ్ పెంచి, అలారం తగ్గి ఉంటే టైమర్ వినిపించదు. ఈ రోజు పగలే ఒక నిమిషానికి పెట్టి వినండి. ఫోన్ మీ దిండు పక్కన ఉండాలి, ఉయ్యాలలో కాదు.

ఇక రాత. యాప్ తీసేసి ఒక తెల్ల కాగితం ఉయ్యాల దగ్గర గోడకు అతికించండి, పెన్ను దారంతో కట్టి వేలాడదీయండి. అర్ధరాత్రి ఫోన్ వెలుగు మీ నిద్రను చెడగొడుతుంది, పైగా మీ ఫోన్‌లో ఉన్న లెక్క మీ అమ్మకు కనిపించదు. కాగితం ఇద్దరికీ కనిపిస్తుంది. కాగితం మీద రోజు ఉదయం 6కి మొదలై మర్నాడు 6కి ముగియాలి. అర్ధరాత్రి 12కి తేదీ మారిస్తే ఒకే రాత్రి రెండు కాగితాల మీద పడి లెక్క తప్పుతుంది.

గంటకొక గడి చొప్పున 24 గడులు గీసి, పాలు తాగితే ఎ లేదా కు అని రాయండి: ఎడమవైపు, కుడివైపు. ఉచ్చకు ఉ, దొడ్డికి దొ. ఏ వైపు ఇచ్చారో రాసేందుకు కూడా ఓపిక లేని రాత్రి, ఒక గాజును ఆ వైపు చేతికి మార్చుకోండి, తెల్లవారి చూసుకోవచ్చు. పిండిన పాలో, పొడిపాలో ఉగ్గుగిన్నెతో పడితే అక్షరం బదులు ఎన్ని మిల్లీలీటర్లో అంకె రాయండి. మరిచిపోయిన గడిని ఊహించి నింపొద్దు, ఖాళీగా వదిలేయండి. ఊహించిన లెక్క డాక్టరును తప్పుదారి పట్టిస్తుంది.

ఉదయం 6కి రెండే రెండు లెక్కించండి. పాలు 8 సార్లకు తగ్గకూడదు, 12 దాకా సాధారణమే. ఉచ్చ 6 సార్లకు తగ్గకూడదు. డైపరులో అయితే ఎన్నిసార్లు పోసిందో తెలియదు, అందుకే బరువు కోలుకునేదాకా కనీసం పగలు గుడ్డలే కట్టండి. ఎండ ఎంత మండినా ఆరు నెలలదాకా మంచినీళ్లు, పంచదార నీళ్లు, గ్రైప్ వాటర్ పట్టకూడదు. పెద్దవాళ్లెవరైనా ప్రేమకొద్దీ వసో, ఆముదమో నాకిస్తే గొడవపడకుండా, ఆ గడిలో ఏమిచ్చారో రాయమనండి. బిడ్డకు తేడా చేసినప్పుడు డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే.

నిద్ర గురించి ఒక్క ముక్క. ఈ వయసులో ప్రతి కునుకూ రాయడం వల్ల లాభం లేదు. పసిబిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు ముక్కలు ముక్కలుగా పడుకుంటుంది, అందులో ఏ క్రమమూ దొరకదు. రాత్రి అన్నిటికన్నా పొడుగ్గా పడుకున్న ఒక్క నిద్ర ఎంతసేపో రాస్తే చాలు. లేపినా లేవకుండా, ఒళ్లు మెత్తబడి, రొమ్ము పట్టకుండా ఉంటే మాత్రం అది నిద్ర లెక్క కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చంకలో థర్మామీటర్ పెడితే 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించినా, దాటినా అంతే.

మందులకు రెండే అలారాలు, రెండూ మీ ఒక్క ఫోన్‌లోనే. అమ్మ ఫోన్‌లో కూడా పెడితే ఒకరు వేసిన చుక్కలే ఇంకొకరు మళ్లీ వేస్తారు. పాపకు డి విటమిన్ రోజుకు 400 యూనిట్లు. కొన్ని సీసాల్లో 1 మిల్లీలీటరుకు 400, కొన్నిటిలో 800 ఉంటాయి. సీసా అయిపోయి కొత్తది తెచ్చినప్పుడు పాత కొలతే వేయడం వల్ల డోసు రెట్టింపవుతుంది. మీ డాక్టరు ఎన్ని మిల్లీలీటర్లు రాశారో, సీసా మీద ఎన్ని యూనిట్లున్నాయో కలిపి చూసి, డ్రాపరు మీద ఆ గీత దగ్గర మార్కరుతో గుర్తు పెట్టండి.

చుక్కలను పాప స్నానానికి ముడిపెట్టండి. అమ్మ నీళ్లు పోసి, సాంబ్రాణి పట్టి తెచ్చాక, పాలు పట్టేముందు వేయాలి. పాలు తాగాక పాప నిద్రలోకి జారుతుంది, అప్పుడు వేస్తే బయటికొస్తుంది లేదా పొలమారుతుంది. మరి ముసురు పట్టి స్నానం మానేసిన రోజు? దానికోసమే అలారం, 11:30కి. వేశాక మాత్రమే కాగితం మీద టిక్కు. వేయబోతూ టిక్కు పెడితే, మధ్యలో ఎవరో పిలిస్తే మందు సీసాలోనే ఉండిపోతుంది. ఆసుపత్రుల్లో నర్సులు మందు ఇచ్చాకే సంతకం చేసేది ఇందుకే. ఒకరోజు తప్పితే మర్నాడు మామూలు డోసే, రెండు కలిపి వేయొద్దు. వేశామా లేదా అని తేలకపోతే ఆ రోజుకు వదిలేయండి.

రెండో అలారం మీ ఐరన్ మాత్రకు, రాత్రి 8:30కి. కాల్షియంతో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, రెంటికీ మధ్య కనీసం 2 గంటలు ఉండాలి. కాల్షియం టిఫిన్ తరువాత, మధ్యాహ్నం అన్నం తరువాత వేసుకుంటే దానికి అలారమే అక్కర్లేదు. బాలింతకు పడుకునేముందు గ్లాసుడు పాలిచ్చే ఇళ్లలో ఐరన్, పాలు ఒకేసారి కడుపులోకి పోతాయి. ఆ పాలను పొద్దునకు మార్చమనండి. మాత్రల షీటు మీద ప్రతి మాత్ర వెనక తేదీ రాసుకుంటే వేసుకున్నారో లేదో షీటే చెబుతుంది.

ఆరు వారాల టీకాలప్పుడు ఇంకో మందు వస్తుంది, పారాసిటమాల్. దానికి అలారం పెట్టకూడదు. జ్వరం లేకపోయినా అలారం మోగిందని వేసేస్తారు. దానికి "ఈ టైముకు ముందు వద్దు" అని రాయాలి. అప్పటికి పాప 4.2 కిలోలు ఉందనుకుందాం, డాక్టరు 100 మిల్లీగ్రాముల చుక్కల మందు 0.6 మిల్లీలీటర్లు, 6 గంటలకొకసారికి మించకుండా రాశారనుకుందాం. సాయంత్రం 5కి వేస్తే కాగితం మీద పెద్దగా: "5:00, చుక్కలు, 0.6. రాత్రి 11 లోపు వద్దు." తొమ్మిదింటికి ఒళ్లు వెచ్చగా తగిలి అమ్మ సీసా అందుకున్నా ఆ మాట ఆపుతుంది. "చుక్కలు" అని రాయడం కూడా ముఖ్యం. చుక్కల్లో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటే, 5 మిల్లీలీటర్లకు 125 అని ఉన్న సిరప్‌లో 25 మాత్రమే ఉంటుంది. 60 మిల్లీగ్రాములకు సిరప్ 2.4 మిల్లీలీటర్లు పడుతుంది. ఆ 2.4ను పొరపాటున చుక్కల సీసాలోంచి తీస్తే నాలుగు రెట్ల మందు పడుతుంది. పెద్ద పిల్లలున్న ఇంట్లో ఈ రెండు సీసాలూ ఒకే అరలో ఉండకూడదు. మీ పాప బరువుకు ఎంతో ఆ రోజు డాక్టరు రాసిందే వేయాలి.

మీ ఆయనకు రోజూ ఉదయం 6కి ఆ కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి. "పాలు తాగిందా, మందు వేశారా" అని రోజుకు పదిసార్లు ఒంగోలు నుంచి ఫోన్ చేయాల్సిన అవసరం ఆయనకూ ఉండదు, నిద్రలో లేచి చెప్పాల్సిన బాధ మీకూ ఉండదు.

ఆశా కార్యకర్త 14వ రోజున, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. వచ్చినప్పుడు కాగితాలు చూపించి, బరువు తూయించి తల్లీబిడ్డల కార్డులో రాయించండి. 14వ రోజుకు కూడా 2.6 రాకపోతే కాగితాలతో సహా డాక్టరు దగ్గరకు వెళ్లండి. 2.6 దాటి, పెరుగుతూ ఉందని ఆయన చెబితే ముందు రాత్రి టైమర్ ఆపేయండి, పాపే ఆకలికి లేస్తుంది. ఇంకో వారం చూసి పాలు, ఉచ్చల గడులు కూడా మానేయండి. మందుల టిక్కులు మాత్రం కొనసాగాలి: మీ ఐరన్ కాన్పు అయినప్పటినుంచి 180 రోజులు, పాప డి విటమిన్ ఏడాది నిండేదాకా.