పాస్‌వర్డ్ మర్చిపోయిన పెన్ డ్రైవ్‌ను కోర్టు తెరిపించగలదా?

ప్రశ్న: భాగస్వామితో లెక్కల తగాదా కోర్టులో ఉంది. పాత లెక్కలన్నీ ఒక పెన్ డ్రైవ్‌లో పెట్టి, విండోస్‌లో బిట్‌లాకర్‌తో లాక్ చేశాను. ఇప్పుడు పాస్‌వర్డ్ గుర్తు రావడం లేదు. ఒక రికవరీ సంస్థ గ్యారంటీగా తెరుస్తామంటోంది, కానీ సగం డబ్బు ముందే అడుగుతోంది. బిట్‌లాకర్ తయారుచేసిన కంపెనీపై కేసు వేసి తెరిపించవచ్చా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: కేసు ఆలోచన పక్కన పెట్టండి. తన దగ్గర ఉన్నదాన్ని ఇమ్మని కోర్టు ఎవరినైనా ఆదేశించగలదు, లేనిదాన్ని పుట్టించమని ఆదేశించలేదు. మీ పాస్‌వర్డ్ ఏ కంపెనీ దగ్గరా ఉండదు. పైగా, పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ తెరవలేకపోవడమే ఆ లాక్ పని. చెప్పిన పని చేసినదాన్ని లోపం అని వాదించడం కష్టం.

అయితే బిట్‌లాకర్ పెట్టినప్పుడు రికవరీ కీ అని 48 అంకెల సంఖ్య ఒకటి తయారవుతుంది. దాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనో, ఫైల్‌గానో, ప్రింట్ తీసో దాచుకోమని విండోస్ అప్పుడే అడుగుతుంది. చాలామంది ఏదో ఒకటి నొక్కేసి మర్చిపోతారు. డ్రైవ్ పెట్టి, పాస్‌వర్డ్ అడిగే చోట More options, ఆపైన Enter recovery key నొక్కండి. అక్కడ Key ID అని 8 అక్షరాలు కనిపిస్తాయి. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో రికవరీ కీల పేజీ తెరిచి, అదే ఐడీ ఉన్న కీ కోసం చూడండి. కంప్యూటర్లలో, పాత మెయిళ్లలో BitLocker Recovery Key అనే పేరుతో వెతకండి. లాక్ పెట్టింది ఆఫీసు కంప్యూటర్‌లో అయితే అక్కడి ఐటీ విభాగం దగ్గర కీ ఉండొచ్చు. అక్కడ మాత్రం రాతపూర్వకంగా అడగండి. వాళ్లు ఇవ్వనంటే అప్పుడు కోర్టును ఆశ్రయించడానికి అర్థం ఉంటుంది.

ఇంకో దారి ఉంది. ఏ కంప్యూటర్‌లోనైనా ఈ డ్రైవ్ ఆటోమేటిక్‌గా తెరుచుకునేలా గతంలో పెట్టి ఉంటే, అక్కడ పాస్‌వర్డ్ అడగకుండానే తెరుచుకుంటుంది. ముందు ఫైళ్లు కాపీ చేసుకోండి. తర్వాత అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డ్రైవ్ అక్షరం E అయితే ఇది కొడితే రికవరీ కీ కూడా కనిపిస్తుంది:

```
manage-bde -protectors -get E:
```

కీ ఎక్కడా దొరక్కపోతే మిగిలేది ఊహించి ప్రయత్నించడమే. అది ఫలిస్తుందా లేదా అన్నది మీకు ఎంత గుర్తుందన్న దానిమీదే ఉంటుంది. ఆరు పేర్లలో ఒకటి, మొదటి అక్షరం పెద్దదో చిన్నదో, ఆ తర్వాత అరవై ఏళ్లలో ఏదో ఒక సంవత్సరం, చివర ఐదు గుర్తుల్లో ఒకటి అని మీకు గుర్తుంటే, మొత్తం 3,600 కలయికలు. బిట్‌లాకర్ ప్రతి ఊహనూ కావాలనే నెమ్మదిగా పరీక్షిస్తుంది. అయినా సెకనుకు వెయ్యి చొప్పున చూస్తే నాలుగు సెకన్ల పని. అదే ఏమీ గుర్తులేని ఎనిమిది అక్షరాల పాస్‌వర్డ్, పెద్ద చిన్న ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ కలిసినదైతే, అదే వేగానికి అన్నీ చూడాలంటే దాదాపు ఏడు వేల ఏళ్లు. అందుకే ఏమీ అడగకుండా గ్యారంటీ ఇచ్చేవాళ్లను నేను నమ్మను. చిప్ ఊడదీసి చదువుతామని కొందరంటారు. డ్రైవ్ పాడైతే అది పనికొస్తుంది. లాక్ అయిన డ్రైవ్‌లో అలా చదివినా వచ్చేది అర్థం కాని అక్షరాల గుట్టే.

ఒప్పందం చేసుకుంటే ఫలితం వస్తేనే ఫీజు అని రాయించండి. మీరు పేరు చెప్పిన ఒక ఫైలు మీ కళ్ల ముందు తెరిచి చూపించాకే చెల్లింపు. పని డ్రైవ్ మీద కాదు, దాని కాపీ మీదే జరగాలి. గోప్యత షరతు తప్పనిసరి.

డ్రైవ్‌ను ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగినా మీరు మాత్రం ఒప్పుకోకండి. బిట్‌లాకర్‌లో ఎన్నిసార్లు తప్పు కొట్టినా డేటా చెరిగిపోదు. కానీ సొంత చిప్‌లోనే లాక్ ఉండే కొన్ని డ్రైవ్‌లు పది తప్పులకు అంతా చెరిపేస్తాయి. మీది ఏ రకమో తేల్చుకోకుండా ఊహించడం మొదలుపెట్టవద్దు.

ఇక కేసు సంగతి. అసలైన ప్రమాదం ఇక్కడుంది. ఆధారాన్ని దాచి మర్చిపోయానంటున్నారని అవతలి పక్షం అనవచ్చు. అందుకే డ్రైవ్‌లో ఏదీ మార్చకుండా భద్రంగా ఉంచి, లాక్ ఎప్పుడు పెట్టారో, ఏమేం ప్రయత్నించారో అఫిడవిట్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అవే లెక్కల కాపీలు భాగస్వామి దగ్గర, ఆడిటర్ దగ్గర, బ్యాంకులో ఉంటాయి కదా. వాటిని దాఖలు చేయించమని మీ లాయరు ద్వారా పిటిషన్ వేయించండి. కోర్టు నిజంగా తెప్పించగలిగేవి అవే.