రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపారు, ఎవరిని కలవాలి?

"సార్, మాది నల్గొండ జిల్లా, బీసీలం. మా బాబు హైదరాబాద్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ పూర్తి చేశాడు. మూడు, నాలుగో సంవత్సరాల రీయింబర్స్‌మెంట్ కాలేజీకి పడలేదట. ఆ 70 వేలు కడితేనే మెమోలు, టీసీ ఇస్తామంటున్నారు. వచ్చే నెల ఉద్యోగంలో చేరాలి. అప్పు చేసి కట్టేయమంటారా, ఆగమంటారా? ఏ ఆఫీసుకు వెళ్లాలో కూడా తెలియదు. పాపకు ఈసారి ఎప్‌సెట్‌లో 31 వేల ర్యాంకు వచ్చింది. స్కాలర్‌షిప్ ఉంది కదా అని సీఎస్‌ఈ ఏఐ-ఎంఎల్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం."

ముందు ఉద్యోగం సంగతి చూద్దాం, మీ అసలు భయం అదే కాబట్టి. చేరే రోజునే ఒరిజినల్స్ అన్నీ లేకపోతే ఆఫర్ పోతుందని అనుకోకండి. చాలా కంపెనీలు ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఇవ్వడానికి కొంత గడువు ఇస్తాయి. యూనివర్సిటీ ఫలితాల ప్రింటవుట్ జత చేసి, సర్టిఫికెట్లు కాలేజీలో ఉన్నాయని, ఎప్పటిలోగా ఇవ్వాలో చెప్పమని మీ బాబును ఈరోజే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టమనండి. ఆ జవాబు వచ్చేదాకా అప్పు మాట ఎత్తకండి.

ఇక డబ్బు ఎక్కడ ఆగిందన్నది. కాలేజీవాళ్లు "గవర్నమెంట్ ఇవ్వలేదు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. చాలాసార్లు అది నిజమే. కానీ ఆ మాట వెనక రెండు వేర్వేరు సంగతులుంటాయి. ఒకటి, మీ బాబు దరఖాస్తు ఇంకా మంజూరే కాకపోవడం. రెండోది, మంజూరై, బిల్లు ట్రెజరీకి వెళ్లి, అక్కడ నిధుల కోసం ఎదురుచూస్తుండటం. మొదటిదైతే మీరు కదిలితే పని జరుగుతుంది. రెండోదైతే జిల్లా ఆఫీసులో ఎవరి కాళ్లు పట్టుకున్నా లాభం లేదు, ఎందుకంటే డబ్బు విడుదల చేయాల్సింది హైదరాబాద్‌లోని ఆర్థిక శాఖ.

ఇది తెలుసుకోవడానికి telanganaepass.cgg.gov.in లో అప్లికేషన్ స్టేటస్ తెరవండి. అప్లికేషన్ నంబరు, ఏ సంవత్సరమో, పుట్టిన తేదీ వంటి వివరాలు అడుగుతుంది. మూడో ఏడాదికి ఒకసారి, నాలుగో ఏడాదికి ఒకసారి విడివిడిగా చూడాలి. ఫైలు నడిచే దారి ఇది: విద్యార్థి దరఖాస్తు, కాలేజీ వెరిఫై చేసి పైకి పంపడం, జిల్లా బీసీ అభివృద్ధి అధికారి పరిశీలించి మంజూరు చేయడం, బిల్లు ట్రెజరీకి చేరి టోకెన్ పడటం, ఆ తర్వాత చెల్లింపు. ట్యూషన్ ఫీజు కాలేజీ ఖాతాకు వెళ్తుంది, మెయింటెనెన్స్ డబ్బు విద్యార్థి ఖాతాకు వస్తుంది. అందుకే మీ ఖాతాలో కొంత పడిందంటే కాలేజీకి కూడా అందినట్టే అనుకోవద్దు.

ఇలాగే రెండేళ్ల బకాయి ఉన్న ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. స్టేటస్ తీసి చూస్తే మూడో ఏడాది బిల్లు ట్రెజరీలో ఉంది, దానికి చేయగలిగింది లేదు. నాలుగో ఏడాదిది అసలు కాలేజీ లాగిన్ దాటలేదు! రెన్యువల్ ఆన్‌లైన్‌లో పెట్టింది కానీ, ప్రింటవుట్, కాగితాలు కాలేజీలో ఇవ్వలేదు. ఇంట్లోవాళ్లు మాత్రం రెండేళ్లూ ప్రభుత్వాన్ని తిట్టుకుంటూ కూర్చున్నారు. కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో కాగితాలు ఇచ్చి, వాళ్లు ఫార్వర్డ్ చేశాకే ఆ ఫైలు కదిలింది. మరికొందరివి హాజరు 75 శాతం లేక ఆగుతాయి. ఇంకొందరివి ఆధార్‌లో పేరు టెన్త్ మెమోతో కలవక ఆగుతాయి.

కాస్త కటువుగా అంటున్నాను, ఏమనుకోకండి. నాలుగేళ్లలో మీరు ఒక్కసారైనా ఈ స్టేటస్ చూశారా? మొదటి ఏడాది మీసేవకు వెళ్లి వేలిముద్ర వేయించి, ఆ తర్వాత కాలేజీయే చూసుకుంటుందని వదిలేసి ఉంటారు. ఫోన్ రీఛార్జ్ ఎప్పుడు అయిపోతుందో గుర్తుంటుంది కానీ 35 వేల ఫైలు ఎక్కడుందో ఎవరికీ పట్టదు. పిల్లాడిని కూడా అడగాల్సింది.

స్టేటస్ కాలేజీ దగ్గర ఆగితే స్కాలర్‌షిప్ క్లర్క్‌ను, తర్వాత ప్రిన్సిపల్‌ను కలవండి. కాలేజీ పంపేసి, మంజూరు కాకపోతే జిల్లా బీసీ అభివృద్ధి అధికారి ఆఫీసుకు వెళ్లండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. వెళ్లాల్సింది మీ ఊరున్న నల్గొండ కలెక్టరేట్‌కు కాదు, కాలేజీ ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా ఆఫీసుకు. అప్లికేషన్ నంబరు, స్టేటస్ ప్రింటవుట్, ఆధార్, బోనఫైడ్ పట్టుకెళ్లి, ఏ కారణంతో ఆగిందో రాసివ్వమని అడగండి. సరైన జవాబు దొరకకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. టోకెన్ నంబరు, బిల్లు పెట్టిన తేదీ కావాలంటే అదే ఆఫీసుకు పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ నంబరు చేతికొస్తే డబ్బు వెంటనే వస్తుందని కాదు. తప్పు మీది కాదని చెప్పడానికి మీ దగ్గర కాగితం ఉంటుంది.

సర్టిఫికెట్ల విషయం వేరు. విద్యార్థుల ఒరిజినల్స్ ఏ సాకుతోనూ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ముందు ప్రిన్సిపల్‌కు రాతపూర్వకంగా అడిగి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఇవ్వకపోతే యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు రాయండి, యూజీసీ ఇ-సమాధాన్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి. కౌంటర్ దగ్గర గొడవపడే తండ్రి కంటే స్టాంపు పడిన కాగితం ఉన్న తండ్రికి కాలేజీ త్వరగా జవాబిస్తుంది. కాలేజీల బాధ కూడా నాకు తెలుసు, నెలల తరబడి నిధులు రాక వాళ్లు జీతాలకు తడుముకుంటున్నారు. అయినా ఆ భారం మీ బాబు టీసీ మీద వేయకూడదు.

అప్పా, ఆగడమా అని అడిగారు. నా మాట ఆగమనే. హెచ్‌ఆర్ గడువు ఇవ్వకపోతే, ఇక తప్పదనుకుంటేనే కట్టండి. అప్పుడు కూడా రసీదు మీద "ఫలానా విద్యా సంవత్సరాల ప్రభుత్వ రీయింబర్స్‌మెంట్ బదులుగా, అది విడుదలైతే తిరిగి ఇచ్చే షరతుపై" అని రాయించుకోండి. వట్టిగా "ట్యూషన్ ఫీజు" అని రాస్తే, రేపు ప్రభుత్వ డబ్బు కాలేజీ ఖాతాలో పడినప్పుడు మీరు అడగడానికి ఆధారం ఉండదు.

ఇప్పుడు పాప సంగతి, ఇది మీకు నచ్చకపోవచ్చు. 31 వేల ర్యాంకుకు బీసీ విద్యార్థికి పూర్తి ఫీజు రాదు. పది వేల లోపు ర్యాంకుకే పూర్తి ఫీజు, ఆపైన ప్రైవేటు కాలేజీలో 35 వేల వరకే. కాలేజీ ఫీజు 95 వేలు అనుకుందాం. ఏటా 60 వేలు మీ చేతి నుంచి, నాలుగేళ్లకు 2 లక్షల 40 వేలు. మిగిలిన 35 వేలు ఎప్పుడొస్తాయో మీ బాబు విషయంలో చూస్తూనే ఉన్నారు. ఆ ఏఐ-ఎంఎల్ అన్న పేరుకు ఇంత ఖర్చు తగునా అని నాకు గట్టి అనుమానం. ఒక్కసారిగా సీట్లు పెంచిన చోట అదే పాత సీఎస్‌ఈ సిలబస్‌కు నాలుగు పేపర్లు కలిపి, చెప్పేవాళ్లు లేక నెట్టుకొస్తున్న కాలేజీలు కళ్లముందే ఉన్నాయి. కౌన్సెలింగ్‌కు ముందు ఆ డిపార్ట్‌మెంట్‌లో పర్మనెంట్ ఫ్యాకల్టీ ఎంతమందో, వాళ్లేం చదివారో అడగండి. తక్కువ ఫీజున్న కాలేజీలో ఈసీఈనో, మామూలు సీఎస్‌ఈనో వస్తే దాన్ని ఆప్షన్లలో పైన పెట్టడానికి నేనైతే వెనకాడను. ఆప్షన్లు పెట్టేటప్పుడు ప్రతి కాలేజీ పక్కన ఫీజు రాసి, అందులోంచి 35 వేలు తీసేసి, మిగిలింది ఎవరు కడతారో పాపను కూర్చోబెట్టుకుని లెక్క వేయండి. ఆదాయ సర్టిఫికెట్ కొత్తది ఇప్పుడే తీయించండి, చివరి తేదీ దాకా ఆగితే మీసేవలో క్యూ ఉంటుంది.