60 వేల వాయిదా ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: సార్, మాది పర్లాకిమిడి. హార్డ్‌వేర్, పెయింట్ల షాపు. నెలకు 4 లక్షల అమ్మకం, 15 శాతం మార్జిన్. షాపు ఖర్చు 18 వేలు, ఇంటికి 20 వేలు. జూన్‌లో నాన్నగారికి (72) విశాఖలో ఆపరేషన్ అయితే షాపు డబ్బే కట్టేశాం. శ్రీకాకుళం హోల్‌సేలర్‌కి జూన్ 15 బిల్లు 2.40 లక్షలు ఇవ్వాలి. నెలకు 60 వేలు, నాలుగు వాయిదాలు అడగాలనుకుంటున్నా. డైలీ ఫైనాన్స్ తీసుకుని ఒకేసారి కట్టేయమని బావగారు అంటున్నారు. చేతిలో 35 వేలు, రావాల్సిన ఖాతా బాకీలు 1.10 లక్షలు ఉన్నాయి.

జవాబు: ముందు బావగారి మాట తేల్చేద్దాం. డైలీ ఫైనాన్స్‌లో లక్షకు 12 వేలు ముందే కోసుకుని 88 వేలు చేతిలో పెడతారనుకోండి. రోజుకు వెయ్యి చొప్పున 100 రోజులు కడతారు. రెండో రోజు నుంచే అసలు తగ్గుతూ ఉంటుంది కాబట్టి, ఏడాది వడ్డీగా చూస్తే నూటికి 90 దాటుతుంది. హోల్‌సేలర్ వడ్డీ లేకుండా ఆగేలా ఉంటే ఈ అప్పు ఎందుకండీ? వద్దు.

ఇక మీ 60 వేలు. 4 లక్షల మీద 15 శాతమంటే సరిగ్గా 60 వేలే. అంటే అద్దె, కరెంటు, కుర్రాడి జీతం, ఇంటి సరుకులు అన్నీ మానేస్తేనే ఆ వాయిదా కట్టగలరు. గల్లాలో కనిపించే మిగతా 3.40 లక్షలు మళ్లీ సరుకు కొనాల్సిన డబ్బు. చాలామంది చేసే పొరపాటు ఇదే: అమ్మకం చూసి వాయిదా ఒప్పుకుంటారు, రెండో నెలకే తప్పుతారు. షావుకారు మొదటిసారి అడిగితే వింటాడు, మాట తప్పాక అడిగితే వినడు.

మీకు నిజంగా మిగిలేది 22 వేలు. దీనికి ఖాతా బాకీల వసూలు కలపండి, కానీ 1.10 లక్షలూ వస్తాయని లెక్క వేయకండి. ఆరు నెలల్లో 60 వేలు వస్తే చాలనుకోండి. సీలు విప్పని పెయింటు డబ్బాలు, కదలని పైపు ఫిట్టింగులు ఓ 30 వేలవి ఉంటే వెనక్కి తీసుకుని క్రెడిట్ నోట్ ఇమ్మనండి. చేతిలో ఉన్న 35 వేలలో 30 వేలు ఇప్పుడే కట్టండి. మిగిలేది 1.80 లక్షలు.

వాయిదాలన్నీ సమానంగా ఉండనక్కర్లేదు. వానల్లో మీ అమ్మకం తగ్గుతుంది, కోతలయ్యాకే బాకీలు వసూలవుతాయి. ఫోన్ చేసి మాట్లాడి, ఆ తర్వాత ఇలా రాసి పంపండి:

"షావుకారు గారికి నమస్కారం. జూన్ 15 బిల్లు 2,40,000లో సరుకు వాపసు 30,000, ఈరోజు పంపిన 30,000 పోను 1,80,000 బాకీ. ఆగస్టు, సెప్టెంబర్‌లలో 20,000 చొప్పున, అక్టోబర్, నవంబర్‌లలో 30,000 చొప్పున, డిసెంబర్, జనవరిలలో 40,000 చొప్పున, ప్రతి నెలా 10న మీ బ్యాంకు ఖాతాకు పంపుతాను. ఇవి పాత బిల్లుకే జమ వేసుకోండి. కొత్త సరుకు నగదుకే తీసుకుంటాను. మీకు సమ్మతమైతే జవాబు పంపగలరు."

ఆయన మెత్తబడేది ఆ నగదు మాటకే. పాత బాకీ పెరగదని తెలుస్తుంది, వ్యాపారం కూడా ఆగదు.

ఆరు చెక్కులు అడిగితే ఇవ్వకండి. అందులో ఏ ఒక్కటి బౌన్సయినా సెక్షన్ 138 కింద నోటీసు వస్తుంది, 15 రోజుల్లో కట్టకపోతే కేసు. మరీ పట్టుబడితే వచ్చే నెల చెక్కు ఒక్కటి ఇవ్వండి. ఖాళీ చెక్కు మాత్రం ఎవరికీ వద్దు.

ఇంకోటి. మీరు జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ వాడుకుని ఉంటే, బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు చెల్లించాలి. మీకది డిసెంబర్ 12తో ముగుస్తుంది. అప్పటికి మిగిలే జనవరి 40 వేలలో కలిసి ఉన్న 18 శాతం పన్ను, అంటే సుమారు 6,100 రూపాయలు, వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. బాకీ తీరాక క్రెడిట్ మళ్లీ తీసుకోవచ్చు, వడ్డీ మాత్రం రాదు. బాకీలు బాగా వసూలైతే జనవరి వాయిదా డిసెంబర్ 12లోపే కట్టేయండి. కాంపోజిషన్‌లో ఉంటే ఈ గొడవే లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ షాపు నష్టంలో లేదు, గల్లాను ఆసుపత్రి నిధిగా వాడారు, అంతే. ఇలాంటి ఖర్చులకు విడిగా ఓ నిధి పెట్టుకోండి, బాకీ తీరాక మొదలుపెడతాననకండి. నెలకు మిగిలే 22 వేలలో సగటున 20 వేలు వాయిదాకి పోతాయి, మిగతా 2 వేలు ఈ నెల నుంచే షాపుతో సంబంధం లేని ఖాతాలో వేయండి. బాకీ తీరాక ఆ 22 వేలూ అక్కడికే, 1.14 లక్షలయ్యే దాకా. అది షాపుకీ ఇంటికీ మూడు నెలల ఖర్చు. మళ్లీ ఆపద వస్తే ముందు ఆ నిధి వాడండి, గోల్డ్ లోన్ లాంటివి ఆ తర్వాతి మాట.

నాన్నగారికి 70 దాటాయి కదా, ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, పథకంలో చేరిన ఆసుపత్రుల్లో ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స. ఆధార్ తీసుకెళ్లి ఈ వారమే చేయించండి. మీకు, మీ భార్యాపిల్లలకు హెల్త్ పాలసీ ఉందో లేదో రాయలేదు. లేకపోతే షాపుకి కొత్త ర్యాకులు కొనేముందు అది కొనండి.