డూప్లికేట్ కీబోర్డు, మౌస్ అంటగడితే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: సికింద్రాబాద్‌లో ఒక షాపులో పేరున్న కంపెనీ వైర్‌లెస్ కీబోర్డు, మౌస్ సెట్ కొన్నాను. బిల్లు ఉంది. మూడు వారాలకే కీల మీద అక్షరాలు చెరిగిపోతున్నాయి. డూప్లికేట్ అని అనుమానం. షాపాయన వాపసు తీసుకోనంటున్నాడు. కేసు వేయొచ్చా? – ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: వేయొచ్చు. అయితే అక్షరాలు చెరిగాయన్న ఒక్క కారణం సరిపోదు. తక్కువ ధర అసలు కీబోర్డుల్లోనూ ఇంకుతో అచ్చేసిన అక్షరాలు అరుగుతాయి. అదే మోడల్‌ను అధీకృత డీలర్ దగ్గర పక్కన పెట్టి చూడండి. అక్షరాల మందం, ఆకారం, కీ మీద అవి ఉన్న చోటు తేడాగా ఉంటే రెండింటినీ ఒకే వెలుతురులో ఫొటో తీయండి.

తర్వాత మౌస్ తిప్పి సెన్సర్ కిటికీ చూడండి. ఆ మోడల్ కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేస్తుందని కంపెనీ చెబుతుంటే, మీ దాంట్లో ఎర్ర లైటు వెలుగుతుంటే, లోపలున్నది వేరే సెన్సర్. దీనికి షాపాయన దగ్గర జవాబుండదు. ఏ లైటూ కనిపించకపోతే మాత్రం అసలుదే అనుకోకండి, నకిలీల్లోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది.

నా దృష్టిలో అన్నిటికంటే గట్టి సాక్ష్యం లేబులే, ఎందుకంటే దాన్ని సరిచూడొచ్చు. వైర్‌లెస్ కీబోర్డుకు భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేబుల్ మీద R- తో మొదలయ్యే నంబరు ఉండాలి. దాన్ని BIS Care యాప్‌లో కొట్టండి. నంబరు లేకపోయినా, వేరే బ్రాండ్ పేరు వచ్చినా స్క్రీన్‌షాట్ తీసుకోండి. నంబరు సరిపోయినంత మాత్రాన తేలిపోదు, అసలు లేబుల్‌నే కాపీ కొట్టి ఉండొచ్చు. అందుకే సీరియల్ నంబరు, ఫొటోలు, బిల్లు కంపెనీకి ఈమెయిల్ చేయండి. 'ఇది మా సరుకు కాదు' అని వాళ్లు రాసిచ్చే జవాబుకు వినియోగదారుల కమిషన్ ముందు చాలా విలువ. లేబుల్ పీకొద్దు, స్క్రూలు విప్పొద్దు, పెట్టె పారేయొద్దు. విప్పితే 'లోపల మీరే మార్చారు' అంటారు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అసలుదని చెప్పి నకిలీ అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువేదీ లేకపోతే, లోపమున్న సరుకును 30 రోజుల్లోపు తెచ్చినా వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. మీకింకా వారం ఉంది కాబట్టి ఇవాళే షాపుకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి.

దారికి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. కొన్నప్పటి నుంచి కాదు, కారణం ఏర్పడ్డప్పటి నుంచి రెండేళ్ల గడువుంది. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. షాపాయన అసలుదేనని వాదిస్తే, సరుకును సీలు చేసి ల్యాబుకు పంపమని కమిషన్‌ను అడగొచ్చు. ఆ పరీక్ష ఖర్చు ముందు మీరే కట్టాలి, కాబట్టి కంపెనీ ఈమెయిల్ చేతిలో ఉంటే ముందు దాన్నే వాడండి.