సిరిమాను స్టేటస్‌లో పట్టాలంటే

అమ్మలూ,

నిన్న పైడితల్లమ్మ జాతర మీద నువ్వు పెట్టిన వాట్సాప్ స్టేటస్ చూశాను. 30 సెకన్లూ జనం వీపులే. సిరిమాను వచ్చేలోపే అయిపోయింది. పెద్ద వీడియో ఇచ్చి ఊరుకుంటే వాట్సాప్ మొదటి 30 సెకన్లే పట్టుకుంటుంది. కొత్త వెర్షన్లలో ఇంకా ఎక్కువ పడుతోంది గానీ, నీ ఫోన్‌లో 30 దగ్గరే ఆగుతోంది కదా, దాని లెక్కనే చెప్తాను.

నువ్వు పంపిన అసలు వీడియో 1 నిమిషం 48 సెకన్లుంది. రాత్రి రెండుసార్లు చూశాను. 1:06 దగ్గర సిరిమాను కోట వైపు నుంచి కనిపిస్తుంది. 1:15కి ఆ మాను చివర కూర్చున్న పూజారి గారు సరిగ్గా నీ తల మీదుగా వెళ్తారు, అరటిపళ్లు ఎగురుతుంటాయి. 1:27 తర్వాత నీ చెయ్యి వణికింది. అంటే మనకి కావాల్సింది 0:58 నుంచి 1:27 దాకా. ముందు ఎనిమిది సెకన్లు ఎందుకు వదిలానంటే, డప్పుల హోరు పెరుగుతుంటే చూసేవాళ్లకి ఏదో వస్తోందని తెలియాలి. మాను ఒక్కసారిగా ఊడిపడితే ఆ ఊపు రాదు.

ఈ కోత వాట్సాప్‌లో కాకుండా గ్యాలరీలో చెయ్యి. వాట్సాప్‌లో పైనున్న ఆ సన్నటి పట్టీ మీద వేలు కాస్త జరిగితే రెండు మూడు సెకన్లు ఎగిరిపోతాయి. గూగుల్ ఫొటోస్‌లో వీడియో తెరిచి Edit నొక్కు. కింద పట్టీకి రెండు చివర్లా ఉన్న పిడుల్లో ఎడమదాన్ని 0:58కి, కుడిదాన్ని 1:27కి లాగి Save copy నొక్కు. copy అన్న మాట చూసుకునే నొక్కాలి. మనవడి అన్నప్రాసన వీడియో కోసేటప్పుడు వేరే యాప్‌లో ఉత్త Save నొక్కేశాను, అసలుదాని మీదే పడిపోయింది. వాడు కత్తి పట్టుకున్న ముక్క మళ్లీ దొరకలేదు. ఇప్పటికీ బాధే.

30 కాదు, 29 దగ్గర ఆపమని చెప్పేది ఇందుకే: ఫోన్ 0:30 అని చూపించినా లోపల 30 మీద ఇంకో అర సెకను ఉండొచ్చు. అప్పుడు చివర్లో "జై పైడిమాంబ" అన్న కేక సగంలో తెగిపోతుంది. కోశాక ఒకసారి సౌండ్ పెట్టి చివరి రెండు సెకన్లు విను. మాట మధ్యలో తెగితే కుడి పిడిని కొంచెం వెనక్కి జరుపు.

ఇంకొకటి. గ్రూపులో ఎవరో పెట్టిన వీడియో దించుకుని కోయకు. అది అప్పటికే ఒకసారి నలిగి ఉంటుంది, స్టేటస్‌లో మళ్లీ నలుగుతుంది, మొహాలు మసకబారిపోతాయి. నీ కెమెరాలోదే తీసుకో. నాకు పంపినట్టే అమ్మమ్మకీ పూర్తి వీడియోని డాక్యుమెంట్‌గా పంపు, ఆవిడ మొత్తం చూస్తానంటోంది.

పెదమామయ్య
విజయనగరం