ఫ్లాటుకు నీళ్లు రావడం లేదు: యజమానికి ఉత్తరం ఎలా రాయాలి?

ప్రశ్న: అయ్యా, మేము ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. ఈ నెల 3వ తేదీ నుంచి మా ఫ్లాటులో ఒక్క కుళాయిలోనూ నీళ్లు రావడం లేదు. యజమానికి నాలుగు సార్లు ఫోను చేశాను. ‘ప్లంబరును పంపుతాను’ అంటారు, ఎవరూ రారు. నిన్న మాత్రం ‘చిన్న రిపేర్లు మీరే చేయించుకోవాలని అగ్రిమెంటులో ఉంది కదా’ అన్నారు. ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. ఏమని రాయాలి? బాగుచేసేదాకా అద్దె ఆపవచ్చా?

జవాబు: అద్దె ఆపకండి. నీళ్ల కోసం అద్దె ఆపిన ఒక కుటుంబం తరఫున నేను కోర్టులో నిలబడ్డాను. ఎండిన కుళాయిల ఫొటోలు మా దగ్గర ఎన్నో ఉన్నాయి. యజమాని దగ్గర ఉన్నది ఒక్కటే: రెండు నెలల అద్దె బాకీ. ఖాళీ చేయించడానికి ఆయనకు అదే ఆధారమైంది. నీళ్ల సంగతి వినిపించడానికి ముందు ఆ బాకీకి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. మీకు ఆ పరిస్థితి రాకూడదు. గడువు తేదీకల్లా పూర్తి అద్దె బ్యాంకు ద్వారా పంపండి, ఉత్తరం వేరుగా రాయండి.

ఆ ఉత్తరంతోనే మీ హక్కు మొదలవుతుంది. ఆస్తి బదలాయింపు చట్టం, 1882లోని 108వ సెక్షన్, ‘ఎఫ్’ క్లాజు చెప్పేది ఇది: యజమాని చేయవలసిన రిపేరు గురించి అద్దెదారు నోటీసు ఇచ్చాక తగిన సమయంలో ఆయన దాన్ని చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. అగ్రిమెంటులో దీనికి విరుద్ధమైన షరతు లేకపోతేనే ఇది వర్తిస్తుంది. మీ రాష్ట్ర అద్దె చట్టంలో వేరే పద్ధతి ఉంటే దాన్ని పాటించాలి. ఫోనులో చెప్పినది చెప్పనట్టే అని నేను అనను. కానీ ఏ రోజు, ఏమని చెప్పారో రుజువు చేయడం కష్టం. కాగితం మీద తేదీ ఉంటే ‘తగిన సమయం’ ఎప్పుడు మొదలైందో ఎవరూ కాదనలేరు.

అసలు వాదన జరిగేది ‘యజమాని చేయవలసిన రిపేరు’ అన్న మాట మీద. ఆయన నిన్న అన్నదీ ఆ మాటే. అందుకే కలం పట్టే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి. వంటింట్లో, స్నానాల గదిలో, బాల్కనీలో ఉన్న కుళాయిలన్నీ తిప్పి చూడండి. తర్వాత పై ట్యాంకు నుంచి మీ ఫ్లాటుకు వచ్చే లైను మీది వాల్వు పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి. అదే లైను మీద ఉన్న కింది ఫ్లాటువారికి నీళ్లు వస్తున్నాయేమో అడగండి. ఒక్క కుళాయే ఎండితే అది వాషరు పని, మీ ఖర్చే. కింది వారికి వస్తూ, వాల్వు తెరిచి ఉండి, మీ కుళాయిలన్నీ ఎండితే లోపం మీ ఫ్లాటు పైపులో ఉన్నట్టే. దాన్ని ‘చిన్న రిపేరు’ అనడం చెల్లదని నా అభిప్రాయం. కేంద్ర ప్రభుత్వం 2021లో రాష్ట్రాల ముందుంచిన నమూనా అద్దె చట్టం కూడా కుళాయిలు, వాషర్లు మార్చడాన్ని అద్దెదారు పనిగా, అవసరమైనప్పుడు నీటి పైపులు మార్చడాన్ని యజమాని పనిగా విడదీసింది. రాష్ట్రం ఆమోదిస్తే తప్ప ఆ నమూనా చట్టంగా అమలు కాదు గానీ, ఏది చిన్నది, ఏది పెద్దది అన్న వాదనలో పనికొస్తుంది. ఇక అన్ని అంతస్తుల్లోనూ నీళ్లు ఆగిపోతే మోటారో, పెద్ద లైనో చెడినట్టు. అప్పుడు అసోసియేషన్ చూసుకోవాలి, అయినా ఉత్తరం మాత్రం యజమానికే రాయండి. మీ ఒప్పందం ఆయనతోనే.

ఉత్తరం ఒక పేజీ దాటనక్కర్లేదు. కోపం ఎంత ఉన్నా అందులోకి రానివ్వకండి. రేపు దాన్ని చదివే న్యాయమూర్తికి మీ కోపం కంటే మీ తేదీలు ముఖ్యం. ఇలా రాయవచ్చు:

‘అయ్యా, ఫలానా తేదీ నాటి అగ్రిమెంటు ప్రకారం మీ ఫలానా నంబరు ఫ్లాటులో నేను అద్దెకు ఉంటున్నాను. ఈ నెల అద్దె 5వ తేదీన మీ ఖాతాకు చెల్లించాను. 3వ తేదీ ఉదయం నుంచి ఫ్లాటులోని ఏ కుళాయిలోనూ నీరు రావడం లేదు. మా లైను వాల్వు పూర్తిగా తెరిచి ఉంది, అదే లైను మీద ఉన్న కింది ఫ్లాటుకు నీరు వస్తోంది. కాబట్టి లోపం మా ఫ్లాటుకు వచ్చే పైపులో ఉన్నట్టు తెలుస్తోంది. ఈ విషయం 3, 6, 9, 13 తేదీల్లో మీకు ఫోనులో తెలియజేశాను. ఈ ఉత్తరం అందిన ఏడు రోజుల్లోగా బాగుచేయించవలసిందిగా కోరుతున్నాను. ప్లంబరు ఏ వేళకు వచ్చినా తలుపు తీసి చూపించడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ గడువులోగా పని జరగకపోతే, జతచేసిన అంచనా ప్రకారం నేనే చేయించి, ఆ ఖర్చును చట్ట ప్రకారం అద్దెలోంచి మినహాయించుకుంటానని తెలియజేస్తున్నాను.’

కింద తేదీ, సంతకం. వారం రోజులే ఎందుకంటే, గోడకు రంగు వేయమని అడిగితే నెల రోజులు సబబే గానీ, నీళ్లు లేకుండా నెల రోజులు ఎవరూ ఉండలేరు. అలాగని ‘రేపటికల్లా’ అని రాస్తే గడువు తగినది కాదని ఆయన అనగలరు. తలుపు తీస్తానన్న వాక్యాన్ని తప్పక ఉంచండి. ‘పంపాను, ఇంట్లో ఎవరూ లేరు’ అన్న జవాబు నేను చాలాసార్లు విన్నాను.

అందినట్టు రసీదు తిరిగి వచ్చే పద్ధతిలో, అగ్రిమెంటులో ఉన్న చిరునామాకే పోస్టు చేయండి. నకలు మీ దగ్గర ఉంచుకుని, దాని ఫొటోను ఆయన ఫోనుకూ పంపండి. ఆయన తీసుకోక కవరు వెనక్కి వస్తే, దాన్ని తెరవకుండా అలాగే దాచండి. అతికించి ఉన్న కవరు, దాని మీద పోస్టుమాన్ రాసిన మాట, ఆ రెండూ మీకు సాక్ష్యం.

గడువు దాటితే పని చేయించండి, కానీ గోడ పగలగొట్టే ముందు ఫొటోలు తీయండి. ప్లంబరు కోసి తీసిన పాత పైపు ముక్కను పారేయనివ్వకండి. లోపలంతా తుప్పు పేరుకుపోయి చిటికెనవేలు కూడా దూరని పైపు ముక్క ఒకటి బల్ల మీద పెడితే, ‘చిన్న రిపేరు’ వాదన ఇక నిలవదు. బిల్లు మీ పేరున, ఫ్లాటు నంబరుతో తీసుకోండి. వచ్చే నెల 5వ తేదీన ఆ బిల్లు మొత్తాన్ని తగ్గించి మిగతా అద్దె అదే రోజు పంపి, ఎంత తగ్గించారో, ఎందుకో రెండు వాక్యాల్లో రాసి బిల్లు నకలు జతచేయండి. ఖర్చు పెద్దదైతే ఒకే నెలలో అద్దె అంతా మింగేయకుండా రెండు మూడు నెలలకు సర్దండి. నమూనా చట్టంలోనూ ఒక నెల మినహాయింపు ఆ నెల అద్దెలో సగం దాటకూడదని ఉంది.

ఈ పదకొండు రోజుల్లో ట్యాంకరు నీళ్లకు పెట్టిన డబ్బును మాత్రం ఇందులో కలపకండి. ‘ఎఫ్’ క్లాజు మినహాయించుకోనిచ్చేది రిపేరు ఖర్చునే. నీళ్ల రసీదులు వేరుగా ఉంచి, నష్టపరిహారంగా వేరే ఉత్తరంలో అడగండి.

వాల్వు చూసినప్పుడు అది చెడిపోలేదని, ఎవరో కావాలనే కట్టేశారని తేలితే ఈ ఉత్తరంతో, వారం గడువుతో కాలయాపన చేయకండి. అది రిపేరు కాదు, అత్యవసర సదుపాయాన్ని తెగ్గొట్టడం. అగ్రిమెంటు, వాల్వు ఫొటో తీసుకుని అదే రోజు దగ్గరలోని న్యాయవాదిని కలవండి. నీటి సరఫరా వెంటనే పునరుద్ధరించాలని మధ్యంతర ఉత్తర్వు కోరుతూ దరఖాస్తు వేయవచ్చు.