బస్సు కదలకముందు చెప్పాల్సిన మాటలు

బిడ్డా,

ఆదివారం నువ్వు హన్మకొండ నుంచి రామప్పకు బస్సు తీసుకుపోతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. 42 మందికి నువ్వొక్కదానివే గైడువట. సంతోషమేసింది కానీ రాత్రి నిద్ర పట్టలేదు. 1213, రేచర్ల రుద్రుడు, నీళ్లలో తేలే ఇటుకలు, ఇవన్నీ నీకు నోటికి వచ్చినవే. నా భయమంతా బస్సు గురించే.

మొదటి మాటలు ఇంజన్ ఆపించి చెప్పు. బండి కదిలాక వెనక సీట్లకు నీ గొంతు చేరదు. చేతులు కిటికీ బయట పెట్టొద్దు, డోర్ దగ్గర నిలబడొద్దు, ఎమర్జెన్సీ డోర్ ఇదిగో ఇక్కడుంది. వాంతులయ్యేవాళ్లను ముందు సీట్లలోకి మార్చు. దీనికి రెండు నిమిషాలు చాలు.

ఇక టాయిలెట్ సంగతి. నవ్వకు. నేను పరువు పోగొట్టుకున్నది అక్కడే.

నేను గైడుగా పోయినప్పుడూ ఇదే దారి, ఇలాగే 42 మంది. ములుగు దగ్గర ఒక హోటల్ ముందు బస్సు ఆపి, "పది నిమిషాలు" అని అరిచి చాయ్ తాగడానికి పోయాను. అక్కడ ఆడవాళ్లకు ఉన్నవి రెండే గదులు. మా బస్సులో ఆడవాళ్లు 24 మంది. మనిషికి మూడు నిమిషాలు వేసుకున్నా 36 నిమిషాలు కావాలి. ఆ లెక్క నాకు తట్టలేదు. పావుగంట కాగానే డ్రైవర్ హారన్ కొట్టాడు. నేను బస్సెక్కి తలలు లెక్కపెట్టాను. సరిగ్గా 42. పోనీయమన్నాను.

రామప్ప గేటు దగ్గర దిగాక ఒక కోడలు వచ్చి, "మా అత్తమ్మ ఏది?" అని అడిగింది. ముసలామె వెనక సీట్లో నిద్రపోతోందనుకుందట. ఆ సీట్లో పడుకున్నది మా క్లీనర్. నా 42లో వాడినీ లెక్కపెట్టేశాను.

ఆమె దగ్గర ఫోన్ లేదు. ఒక కారు పట్టుకుని వెనక్కి ఉరికాను. హోటల్ దగ్గర లేదు. అక్కడ మా బస్సు పక్కనే ఇంకో తెల్ల బస్సు ఆగిందని, అది లక్నవరం పోయిందని చాయ్ పోసే ఆయన చెప్పాడు. ముసలామె అదే మన బస్సనుకుని ఎక్కేసింది. తెలియని మొహాలు చూసి గాబరాపడితే, వాళ్లు చల్వాయి దగ్గర దింపి ఒక కొట్టులో కూర్చోబెట్టారు. నన్ను చూసి తిట్టలేదు. "పది నిమిషాలంటివి కొడుకా, నేను లైన్లనే పావుగంట నిలబడ్డ" అంది. తిట్టినా బాగుండేది.

అందుకే చెబుతున్నా. ఎన్ని నిమిషాలో చెప్పకు, గడియారం టైమ్ చెప్పు: "బస్సు ఎనిమిదీ ఇరవైకి కదులుతుంది." హోటల్‌కు ముందురోజే ఫోన్ చేసి ఆడవాళ్లకు ఎన్ని గదులున్నాయో అడుగు. రెండే ఉంటే వేరే చోటు చూడు, లేదా నలభై నిమిషాలు రాసుకో. ముసలివాళ్లను ముందు పంపు, మిగతావాళ్లు ఈలోగా టిఫిన్ తింటారు. కదిలేముందు తలలు లెక్కపెట్టకు, ఖాళీ సీట్లు చూడు. వెనక నుంచి ముందుకు నడుస్తూ ప్రతి ఖాళీ సీటు ఎవరిదని పక్కవాళ్లను అడుగు. "అందరూ వచ్చారా?" అని మాత్రం అడగకు. ఎవడో ఒకడు "వచ్చిండ్రు" అంటాడు, వాడికేం తెలుసు?

ఇంకోటి. దారిలో టాయిలెట్ దొరకదేమోనన్న భయంతో మన పెద్దవాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగరు. రామప్పలో ఎండకు కళ్లు తిరిగి కూలబడతారు. తర్వాతి ఆగుడు ఎక్కడో, ఎంతసేపట్లోనో బయల్దేరేటప్పుడే చెబితే ధైర్యంగా తాగుతారు. అర్జెంటైతే మధ్యలో ఆపుతానని కూడా నీ నోటితోనే చెప్పు. ఆడపిల్లవు కాబట్టి నీతో సిగ్గుపడకుండా చెప్పుకుంటారు. అది నాకు లేని సౌకర్యం.

గుడి మర్యాదలు దిగాక చెప్పకు, బస్సులోనే చెప్పు. దిగాక అందరి చేతుల్లో ఫోన్లే ఉంటాయి. అక్కడ రామలింగేశ్వరుడికి పూజలు జరుగుతాయి, అది ఊరికే చూసిపోయే కట్టడం కాదని గుర్తుచెయ్యి. పూజ జరిగేటప్పుడు నందికీ శివుడికీ మధ్యలో నడవొద్దు. గర్భగుడిలో ఫోటోలొద్దు. చెప్పులు వదిలి నడిచే రాయి మధ్యాహ్నం కాలుతుంది, పాత సాక్సులు తెచ్చుకోమని ముందురోజే మెసేజ్ పెట్టు. శిల్పాలకు ఆనుకోవద్దు, చేతుల జిడ్డు రాతికి పడుతుంది. వేణుగోపాలుడి బొమ్మను తట్టి సరిగమలు వినిపించడం నేనూ చేశాను, చప్పట్లూ కొట్టించుకున్నాను. నువ్వు చెయ్యకు. నా వేళ్ల కింద ఎంత అరిగిందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

బస్సు నంబరు చదవలేనివాళ్లు ఉంటారు. మీ పెద్దమ్మ తన పాత ఎర్రచీర కొంగు కత్తిరించి అంచు కుట్టింది, రేపు మీ తమ్ముడితో పంపుతున్నా. బస్సు ముందు అద్దం దగ్గర కట్టు. ఎర్రగుడ్డ ఉన్నదే మన బస్సని చెప్పు.

రాత్రి ఇంటికి చేరాక ఒక ఫోన్ కొట్టు. ఎంత ఆలస్యమైనా మేలుకునే ఉంటా.

మీ పెద్దబాపు